బాబాయి తెచ్చిన ఎండోమెంట్ పాలసీనా, టర్మ్ పాలసీనా? కాగితం పెట్టుకుని మీరే తేల్చుకునే పద్ధతి

ఒంగోలులో జీతాల లెక్కలు చూసే పని నాది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకే ప్రశ్నతో వస్తుంటారు. "అన్నా, మా బాబాయి ఏజెంటు. ఏడాదికి యాభై వేలు కట్టే పాలసీ చెప్తున్నాడు. టర్మ్ తీసుకుంటే చివర్లో ఏమీ రాదంట, బూడిదలో పోసిన పన్నీరంట. ఏం చేయమంటావ్?" చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ, నెల్లూరు వైపు రొయ్యల కంపెనీల్లో చేరినవాళ్లూ ఇదే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. గంటసేపు కూర్చుంటే మీ పాలసీ సంగతి మీకే తెలుస్తుంది.

రెండు ముక్కల్లో తేడా ఇది. టర్మ్ పాలసీలో మీరు పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వస్తుంది, గడువు దాకా బతికి ఉంటే ఏమీ రాదు. అందుకే ప్రీమియం తక్కువ. ఎండోమెంట్, మనీబ్యాక్ లాంటి పాలసీల్లో పొదుపు, బీమా కలిపి ఉంటాయి. బతికి ఉన్నా డబ్బు వస్తుంది కాబట్టి ప్రీమియంలో ఎక్కువ భాగం పొదుపుకే పోతుంది, బీమా చిన్నదవుతుంది. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏజెంటు ఇచ్చిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్. ఏ ఏడాది ఎంత కట్టాలి, ఎంత వస్తుంది అని వరసగా అచ్చువేసిన పట్టిక ఇది. పెన్నుతో రాసిచ్చిన చీటీ, వాట్సాప్‌లో వచ్చిన రంగుల బొమ్మ పనికిరావు. అడిగితే ఇవ్వాల్సిందే.
- మీ వయసుకు, మీకు కావాల్సిన మొత్తానికి ఒక టర్మ్ పాలసీ ప్రీమియం. రెండు మూడు కంపెనీల వెబ్‌సైట్లలో చూసి రాసుకోండి.
- ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్.
- ఇంటి నెల ఖర్చు, ఉన్న అప్పులు రాసుకున్న కాగితం.

ఒక చిన్న జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ లేదు. మీకిచ్చిన కాగితంలో జీఎస్టీ కలిపి ఉంటే అది పాతది, కొత్తది అడగండి.

ఇక్కడ లెక్క చేసి చూపించేది ఒంగోలులో ఉండే 27 ఏళ్ల కుర్రాడి కేసు. పెళ్లి కాలేదు. జీతం నెలకు 35 వేలు. తండ్రి లేడు. అమ్మ, డిగ్రీ చదివే చెల్లెలు ఇతని మీదే ఆధారపడి ఉన్నారు. 2 లక్షల పర్సనల్ లోన్ ఉంది. బాబాయి చెప్పిన ఎండోమెంట్ పాలసీకి సమ్ అష్యూర్డ్, అంటే బీమా మొత్తం, 10 లక్షలు, గడువు 20 ఏళ్లు, ప్రీమియం ఏడాదికి 50 వేలు. ప్రీమియం అంకెలు లెక్క సులువుగా ఉండాలని సరిచేసి పెట్టాను. మీవి వేరుగా ఉంటాయి, పద్ధతి ఒకటే.

1. ముందు ఇంటికి ఎంత కావాలో తేల్చండి

పాలసీ కాగితం పక్కన పెట్టండి. రేపు మీరు లేకపోతే ఇల్లు నడవడానికి ఎంత కావాలి? ఈ కుర్రాడి ఇంట్లో అమ్మకూ చెల్లెలికీ అయ్యే ఖర్చు నెలకు 20 వేలు, అంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. దానికి 25 రెట్లు వేశాం, 60 లక్షలు. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని వడ్డీ, అసలు కలిపి వాడుకుంటే, ధరలు పెరిగినా అమ్మకు చాలా ఏళ్లు గడుస్తుంది. అప్పు 2 లక్షలు, చెల్లెలి చదువు, పెళ్లి కోసం 8 లక్షలు కలిపితే 70 లక్షలు. కాస్త పైకి జరిపి 75 లక్షలు అనుకున్నాం.

"ఆఫీసులో గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది కదా, పీఎఫ్‌లో కూడా ఉంది కదా" అంటారు. నిజమే, పీఎఫ్ కట్ అయ్యేవాళ్లకు ఈడీఎల్ఐ కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. ఈ రెండూ ఉద్యోగంతో ముడిపడినవి. కంపెనీ మారే మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ రెండు నెలలూ వాటిని నమ్ముకోలేం. అందుకే 75 లక్షల్లోంచి వాటిని తీసేయలేదు.

ఈ మెట్టులో జరిగే తప్పు ఒకటే. ఏడాదికి ఎంత కట్టగలం అని మొదలుపెట్టి, దానికి ఎంత బీమా వస్తే అంతే చాలనుకోవడం. ఎంత కావాలన్నది తేలకుండా ప్రీమియం మాట ఎత్తకండి.

2. పాలసీ నిజంగా ఎంత శాతం ఇస్తుందో లెక్క కట్టండి

అసలు పని ఇదే. నిదానంగా చేయండి.

ఇలస్ట్రేషన్‌లో మెచ్యూరిటీ మొత్తం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకచోట 4 శాతం, ఇంకోచోట 8 శాతం అని ఉంటుంది. బోనస్ ఇచ్చే పాలసీలన్నిటికీ ఇలాగే ఉంటుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో పదికి తొమ్మిది మంది "8 శాతం వస్తుందని ఇక్కడే రాశారుగా" అని వేలు పెట్టి చూపించారు. అది మీకొచ్చే శాతం కాదు. కంపెనీ తన పెట్టుబడుల మీద 8 శాతం సంపాదిస్తే అనుకుని వేసిన లెక్క. అందులోంచి ఏజెంటు కమిషన్, ఆఫీసు ఖర్చులు, మీ బీమా ఖర్చు పోయాక మిగిలింది మీకు వస్తుంది.

ఈ కేసులో 8 శాతం గడిలో 20 ఏళ్ల తర్వాత 18 లక్షల 40 వేలు ఉందనుకుందాం. ఎక్సెల్‌లో ఒక గడిలో ఇది రాయండి:

```
=RATE(20,-50000,0,1840000,1)
```

ఇందులో 20 అంటే కట్టే ఏళ్లు, 50000 ప్రీమియం, 1840000 చివర్లో వచ్చేది. చివరి 1 అంటే ప్రీమియం ఏడాది మొదట్లో కడుతున్నాం అని. మైనస్ గుర్తు ప్రీమియం ముందు మాత్రమే ఉండాలి. జవాబు సుమారు 5.5 శాతం వస్తుంది. గడిలో 6% అని మాత్రమే కనిపిస్తే దశాంశ స్థానాలు పెంచుకుని చూడండి.

ఇప్పుడు 4 శాతం గడిలోని మొత్తం పెట్టి మళ్లీ చేయండి. అక్కడ 13 లక్షల 50 వేలు ఉంటే జవాబు 2.8 శాతం దగ్గర ఆగుతుంది. రెండు గడుల్లో ఏదీ గ్యారంటీ కాదు. గ్యారంటీగా ఇచ్చేది ఎంతో అదే పట్టికలో విడిగా రాసి ఉంటుంది, అదీ చూసుకోండి.

మనీబ్యాక్ పాలసీకి, పన్నెండేళ్లు కట్టి ఇరవై ఏళ్లు ఆగే పాలసీకి ఆ ఫార్ములా సరిపోదు. వాటికి ఒక నిలువు వరసలో ఏడాదికో గడి పెట్టుకోండి. కట్టేది మైనస్‌తో, వచ్చేది మామూలుగా రాసి కింద `=IRR(B1:B21)` అని కొట్టండి. 20 ఏళ్ల పాలసీకి 21 గడులు కావాలి, ఎందుకంటే చివరి ప్రీమియం కట్టిన ఏడాదికి గానీ మెచ్యూరిటీ రాదు.

ఇక్కడ రెండు పొరపాట్లు పదే పదే చూస్తున్నాను. మొదటిది, చివరి ప్రీమియం, మెచ్యూరిటీ ఒకే ఏడాది వచ్చినట్టు వేయడం. అలా వేస్తే మన 5.5 శాతం కాస్తా 6 అయి కూర్చుంటుంది. రెండోది, ప్రీమియం లేని ఏళ్లకు గడి ఖాళీగా వదిలేయడం. ఖాళీ గడిని షీట్ లెక్కలోకి తీసుకోదు, ఎనిమిదేళ్లు మాయమైపోయి శాతం అమాంతం పెరుగుతుంది. ఆ గడుల్లో తప్పకుండా సున్నా వేయండి.

సరిగ్గా వేశారో లేదో ఎలా తెలుస్తుంది? ఎండోమెంట్ పాలసీకి 8 శాతం దాటి వచ్చిందంటే మీ వరసలో ఎక్కడో తప్పుంది. 8 శాతం గడి కూడా ఖర్చులు పోక ముందు వేసిన అంచనాయే కాబట్టి దాన్ని మించి రావడానికి వీల్లేదు.

3. అదే యాభై వేలు విడదీసి చూడండి

టర్మ్ ప్రీమియం చూసి, దాన్ని ఎండోమెంట్ ప్రీమియంతో పోలిస్తే సరిపోదు. జేబులోంచి పోయే డబ్బు రెండు వైపులా సమానంగా ఉండాలి. 75 లక్షల టర్మ్‌కు ఏడాదికి 10 వేలు అనుకుందాం. మిగిలిన 40 వేలు పీపీఎఫ్‌లో వేస్తున్నాం. పీపీఎఫ్ ఎందుకంటే ఇదీ ఎండోమెంట్ లాగే దీర్ఘకాలం కదలని పొదుపు, పైగా ఏ పోస్టాఫీసులోనైనా తెరవొచ్చు. వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతంగా ఉంది. ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి ఇది 20 ఏళ్లూ ఇలాగే ఉంటుందని రాసిపెట్టుకోకండి. గడువు 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

```
=FV(7.1%,20,-40000,0,1)
```

జవాబు దాదాపు 17 లక్షల 76 వేలు. ఎండోమెంట్ 8 శాతం గడిలో 18 లక్షల 40 వేలు. అంటే 20 ఏళ్లు నిండాక, పాలసీకి అనుకూలమైన అంచనాతో చూస్తే, ఎండోమెంటే 64 వేలు ఎక్కువ ఇస్తోంది. దీన్ని దాచాల్సిన పని లేదు. 4 శాతం గడి నిజమైతే మాత్రం పీపీఎఫ్ దారే 4 లక్షల పైన ముందుంటుంది.

ఇప్పుడు ఆరో ఏడాది చివర్లో కుర్రాడికి ఏమన్నా అయిందనుకోండి. ఎండోమెంట్‌లో 10 లక్షలు, అప్పటిదాకా జమైన బోనస్ కలిపి సుమారు 12 లక్షల 50 వేలు వస్తాయి. అప్పు, చెల్లెలి చదువు, పెళ్లి తీసేస్తే అమ్మ చేతిలో రెండున్నర లక్షలు ఉంటాయి, ఒక ఏడాది ఖర్చు. రెండో దారిలో టర్మ్ నుంచి 75 లక్షలు, పీపీఎఫ్‌లో అప్పటికి సుమారు 3 లక్షలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి ఆ కుర్రాడికి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మకి ఇది చూపించాలన్నా" అన్నాడు.

20 ఏళ్ల తర్వాత ఏమిటన్నది కూడా చూడండి. 47 ఏళ్లకు ఎండోమెంట్ బీమా అయిపోతుంది. టర్మ్ 60 ఏళ్ల దాకా తీసుకుంటే అదే 10 వేలతో సాగుతుంది. అప్పటికి మీ మీద ఆధారపడినవాళ్లు ఎవరూ లేకపోతే ప్రీమియం ఆపేయొచ్చు, నష్టమేమీ లేదు.

ఈ పోలిక నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఆ 40 వేలు నిజంగా పీపీఎఫ్‌లో పడాలి. టర్మ్ తీసుకుని మిగిలింది బైక్ ఈఎంఐకి పోతే పొదుపు వైపు లెక్క అంతా అబద్ధం. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. నెల 5వ తేదీలోపు పడితేనే ఆ నెలకు వడ్డీ లెక్కలోకి వస్తుంది, తేదీ దాన్నిబట్టి పెట్టుకోండి. చేతిలో డబ్బు ఉంటే ఆగదని మీ గురించి మీకే తెలిస్తే, పొదుపు కోసం చిన్న ఎండోమెంట్ పెట్టుకున్నా తప్పనను. కానీ టర్మ్ కొన్న తర్వాతే.

4. "పన్ను మిగులుతుంది", "ప్రీమియం వెనక్కొస్తుంది" అన్న మాటలను పరీక్షించండి

పన్ను సంగతి మీ జీతం స్లిప్పులోనే తేలుతుంది. ప్రీమియం మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ప్రీమియం కట్టినందుకు పైసా తగ్గదు. పైగా నెలకు 35 వేల జీతం మీద కొత్త విధానంలో అసలు పన్నే పడదు. లేని పన్ను మిగలదు కదా.

ఇంకో మాట, "టర్మ్‌లోనే ప్రీమియం వెనక్కిచ్చే రకం తీసుకో" అంటారు. దీనికీ అదే ఫార్ములా వాడండి. మామూలు టర్మ్ 10 వేలు, వెనక్కిచ్చేది 19 వేలు, 33 ఏళ్లు అనుకుందాం. అదనంగా కట్టేది ఏటా 9 వేలు, చివర్లో వచ్చేది 19 వేలు ఇంటూ 33, అంటే 6 లక్షల 27 వేలు.

```
=RATE(33,-9000,0,627000,1)
```

నాలుగు శాతం పైచిలుకు. అదే తొమ్మిది వేలు పీపీఎఫ్‌లో వేసుకోవడం మేలు.

5. టర్మ్ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారం మీరే నింపండి

ఎండోమెంట్ కన్నా టర్మ్‌లో ఈ ఫారం ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే ఇంటివాళ్లు అడగబోయేది పెద్ద మొత్తం. సిగరెట్, గుట్కా, ఖైనీ ఏది వాడినా రాయండి. షుగర్, బీపీ, పాత ఆపరేషన్, తల్లిదండ్రుల గుండె జబ్బు, ఇప్పటికే ఉన్న పాలసీలు, ఏదీ వదలొద్దు. "ఎందుకులేరా, లేదని పెట్టేద్దాం, ప్రీమియం తగ్గుద్ది" అని ఎవరన్నా అంటే ఫారం చేతిలోంచి తీసేసుకోండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించడానికి లేదు. ఆ మూడేళ్లలోపు మాత్రం దాచిన విషయం బయటపడితే క్లెయిమ్ ఆగిపోవచ్చు. అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరు కాదు, మీ అమ్మ.

మెడికల్ టెస్టు చేస్తామంటే ఒప్పుకోండి, తప్పించుకునే పాలసీ వెతకొద్దు. జీతం చేతికి నోట్లుగా తీసుకునేవాళ్లకు టర్మ్ కంపెనీలు ఆదాయ రుజువు అడుగుతాయి. అలాంటివాళ్లు జీతం బ్యాంకులో వేయమని యజమానిని అడిగి, ఐటీ రిటర్న్ వేయడం మొదలుపెట్టండి.

పాలసీ వచ్చాక పుట్టిన తేదీ, నామినీ పేరు, ఆరోగ్యం గురించి మీరిచ్చిన జవాబులు సరిగ్గా ఉన్నాయా అని కూర్చుని చదవండి. ఫారం కాపీ పాలసీతోపాటే వస్తుంది. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించండి. పాలసీ అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కిచ్చేయొచ్చు, కొద్దిపాటి ఖర్చులు పోను డబ్బు తిరిగొస్తుంది. ఎండోమెంట్‌కూ ఇదే వర్తిస్తుంది. మొన్ననే సంతకం పెట్టి ఇప్పుడు ఇది చదువుతుంటే రోజులు లెక్కపెట్టుకోండి.

6. ఇప్పటికే ఎండోమెంట్ కడుతున్నారా? ఆపేయడానికి తొందరపడకండి

నేను 24 ఏళ్లప్పుడు చుట్టాల మాట కాదనలేక ఒక పాలసీ తీసుకున్నాను. ఏడాదిన్నర కట్టి మానేశాను. రూపాయి తిరిగి రాలేదు. కనీసం రెండేళ్లు కట్టాలన్న నిబంధన ఉందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చదవలేదు. 2024 అక్టోబరు 1 తర్వాత వచ్చిన పాలసీలకు ఒక పూర్తి ఏడాది ప్రీమియం కట్టినా సరెండర్ విలువ, అంటే మధ్యలో మానేస్తే తిరిగొచ్చే డబ్బు, ఉంటుంది. పాతవాటికి పాత నిబంధనే. కంపెనీ నుంచి మీ పాలసీ సరెండర్ విలువ కాగితం మీద తెప్పించుకోండి.

ఇప్పుడు లెక్క. పోయిన డబ్బు పోయిందనుకుని ఈ రోజు నుంచే మొదలుపెట్టాలి. మన కుర్రాడు ఇదే పాలసీకి మూడేళ్లు కట్టేశాడనుకుందాం. సరెండర్ చేస్తే 70 వేలు ఇస్తామన్నారు. కొనసాగిస్తే ఆ 70 వేలు ఈ రోజు పెట్టుబడి పెట్టినట్టే. కాబట్టి మొదటి గడిలో 70 వేలు, ఈ ఏడాది ప్రీమియం 50 వేలు కలిపి మైనస్ 1,20,000 వేయండి. తర్వాత 16 గడుల్లో మైనస్ 50,000. చివరి గడిలో 18,40,000. మొత్తం 18 గడులు.

```
=IRR(B1:B18)
```

సుమారు 6.8 శాతం వస్తుంది. కొత్తగా కొనేవాడికి 5.5 శాతం ఇచ్చిన పాలసీయే, మూడేళ్లు కట్టినవాడికి ఇక్కడి నుంచి 6.8 ఇస్తోంది. మొదటి ఏళ్ల కోతలు ఇప్పటికే భరించేశాడు కాబట్టి ఇలా మారుతుంది. పాలసీ ఎంత పాతబడితే కొనసాగించడం అంత లాభం. అందుకే "ఎండోమెంట్ అంటే దండగ, వెంటనే సరెండర్ చెయ్" అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్ల మాట వినకండి. మీ శాతం పీపీఎఫ్‌కు దగ్గరగా వస్తే కొనసాగించి, విడిగా టర్మ్ తీసుకోండి. చాలా తక్కువ వస్తే రెండు దారులున్నాయి. సరెండర్ ఒకటి. ఇక ప్రీమియం కట్టకుండా, కట్టినంతకు తగ్గించిన మొత్తాన్ని గడువు చివర్లో తీసుకునే పెయిడ్-అప్ ఇంకొకటి. పెయిడ్-అప్ మొత్తం ఎంతో కంపెనీని అడిగి, సరెండర్ డబ్బు అన్నేళ్లు పీపీఎఫ్‌లో ఉంటే ఎంతవుతుందో దాంతో పోల్చండి.

ఏ దారి పట్టినా వరస ముఖ్యం. కొత్త టర్మ్ పాలసీ చేతికొచ్చి, అందులోని వివరాలు సరిచూసుకున్న తర్వాతే పాతదాన్ని ముట్టుకోండి. మెడికల్ టెస్టులో ఏదన్నా బయటపడి టర్మ్ ఇవ్వమంటే, అప్పటికి పాతది కూడా రద్దయి ఉంటే ఇంటికి ఏ బీమా మిగలదు.

చివరగా, పాలసీ నంబరు, కంపెనీ పేరు, నామినీ ఎవరు అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి అమ్మకు ఇవ్వండి. బీరువాలో పెట్టింది ఎక్కడుందో చెల్లెలికి చూపించండి. పెళ్లయ్యాక నామినీ మార్చుకోవాలి, అది దానంతటది మారదు.